అరువు పేర్లు, దిక్కు, ఏడో సంచి: వలస మీద తొలి నవలకు ఏ పేరు పెట్టాలి?

ముందు నవల సంగతి చెబుతాను, పేర్ల సంగతి తర్వాత. కథ తెలియకుండా పేర్లు మాత్రం పక్కపక్కన పెట్టి ఏది బాగుందని అడిగితే, చెవికి ఇంపుగా ఉన్నదే గెలుస్తుంది. అలా గెలిచిన పేరు పుస్తకానికి సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు.

అందుకని ఒక రాతప్రతిని ఊహించుకుందాం. 280 పేజీలు. ఒక తల్లి, పదేళ్ల కొడుకు, నాలుగేళ్ల కూతురు. తండ్రి అంతకుముందే పని కోసం వేరే దేశం వెళ్లాడు. నెలనెలా ఉత్తరం వస్తుంది కానీ కవరు మీద ఫ్రం అడ్రస్ ఉండదు. ఉన్నచోట గొడవలు ముదిరాక తల్లి పిల్లల్ని తీసుకుని రాత్రిపూట బయల్దేరుతుంది. బయల్దేరినప్పుడు ఏడు సంచులు, చేరేసరికి ఆరు. కథ చెప్పేది కూతురు. ఇప్పుడామెకు నలభై ఏళ్లు. సంచి ఎలా పోయిందన్న ప్రశ్న పుస్తకమంతా ఆమె వెంట తిరుగుతుంది. 231వ పేజీలో తెలుస్తుంది, అది పోలేదని. తల్లే చెక్‌పోస్టుకు ముందు ఒక గట్టు పక్కన వదిలేసింది. వాళ్ల అసలు కాగితాలు అందులో ఉన్నాయి. సరిహద్దు దాటింది మరో కుటుంబం పేర్ల మీద. అంటే ఇన్నేళ్లూ తనదనుకున్న పేరు తనది కాదు.

దీనికి రాసినామె ఆరు పేర్లు రాసుకుందనుకోండి. వలస. సరిహద్దు దాటిన పక్షులు. ఫ్రం అడ్రస్. అరువు పేర్లు. దిక్కు. ఏడో సంచి.

మొదటి రెండింటి దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. "వలస" అనే పేరు పుస్తకం దేని గురించో చెబుతుంది, ఇది ఏ పుస్తకమో చెప్పదు. ఇంటర్నెట్‌లో ఆ మాట వెతికితే కూలీల వార్తలు, పక్షుల ఫొటోలు, వలసపాలన మీద వ్యాసాలు వస్తాయి. వాటి వెనక ఎక్కడో కొత్త రచయిత నవల ఉంటుంది. పేరున్న రచయితైతే ఒంటి మాట పెట్టినా సాగుతుంది, ఎందుకంటే పాఠకులు వెతికేది రచయిత పేరుతో. తొలి నవలకు ఆ వీలు లేదు.

ఇక పక్షులు. వలస కథ అనగానే పక్షులు, రెక్కలు, గూళ్లు వాటంతటవే వచ్చి వాలతాయి. అరిగిపోయిన పోలిక అన్నది ఒక అభ్యంతరం. నాకు అంతకంటే పెద్ద అభ్యంతరం, అది ఈ కథకు అబద్ధం కావడం. పక్షులు రుతువును బట్టి వెళ్తాయి, రుతువు మారాక తిరిగొస్తాయి. ఈ తల్లి తిరిగిరాదు. తిరిగి రాకుండా ఉండటానికే కాగితాలు పారేసింది. చివరి పేజీతో తగువు పడే పేరు ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

మిగిలిన నాలుగింటి మధ్యే అసలు పోటీ. అయితే వాటిని కొలిచే ముందు ఒక పొరపాటు సరిచేసుకోవాలి. రహస్యం ఒక చివర, విషయ సూచన ఇంకో చివర ఉన్న తక్కెడలా ఈ సమస్యను చూస్తుంటారు చాలామంది. కాస్త ఎక్కువ చెబితే రహస్యం తగ్గుతుంది, ఎక్కువ దాస్తే విషయం అందదు అని టెన్షన్ పడతారు. నా లెక్కలో అవి ఒకే తక్కెడలోవి కావు. విషయాన్ని సూచించేది పేరులో కనిపించే వస్తువు. రహస్యాన్ని మోసేది ఆ వస్తువు ఎందుకు ముఖ్యమైందన్న కారణం. మొదటిది చూపించి రెండోది దాస్తే రెండూ దక్కుతాయి. మొదటిది కూడా దాచితే పేరు పొగమంచు అవుతుంది. రెండోది చెప్పేస్తే పొడుపుకథ పక్కనే విడుపు రాసినట్టుంటుంది.

దీన్ని తేల్చడానికి ఒకటే ప్రశ్న. పాఠకుడికి పేరు ఏ పేజీలో అర్థమవుతుంది? పుస్తకం తెరవకముందే అర్థమైపోతే రహస్యం లేదు. ఆఖరి పేజీ మూశాక కూడా అర్థం కాకపోతే సూచన లేదు. మంచి పేరు రెండుసార్లు అర్థమవుతుంది: మొదటి ముప్పై, నలభై పేజీల్లో ఒకసారి పైపైన, ఆఖరి నాలుగో వంతులో మరోసారి లోతుగా.

ఈ ప్రశ్న "అరువు పేర్లు"ను అడిగి చూడండి. ఆరింటిలో నన్ను ఎక్కువ ఊరించింది ఇదే. రెండు చిన్న మాటలు, నోటికి తేలిగ్గా వస్తాయి. అరువు అంటే తిరిగి ఇవ్వాల్సింది, కాబట్టి ఆ మాటలోనే ఒక బాకీ ఉంది. కొత్త దేశంలో మనిషి తనది కానిదాంట్లో బతకడం అనే విషయం మొత్తం అందులో ఇమిడిపోయింది. కానీ 231వ పేజీలో రావలసిన ముడి అట్ట మీదే విడిపోయింది. చురుకైన పాఠకుడు 60వ పేజీ దగ్గర, తల్లి ఎవరో పిలిస్తే ఒక క్షణం ఆలస్యంగా తల తిప్పిన చోట, పేరు గుర్తుకు తెచ్చుకుని మొత్తం ఊహించేస్తాడు. ఆ తర్వాత 170 పేజీల పాటు కథ చెప్పే ఆమె కంటే తనే ముందున్నానని విసుక్కుంటాడు.

అయితే ఆ పేరును అంత తొందరగా కొట్టేయకండి. ఝుంపా లాహిరి నవల "ది నేమ్‌సేక్" (2003) చూడండి. ఆ పేరు కూడా నేరుగా పేరు గురించే. అయినా ఏమీ పాడుకాలేదు, ఎందుకంటే కొడుకు పేరు వెనకున్న రైలు ప్రమాదం సంగతి పాఠకుడికి మొదట్లోనే తెలిసిపోతుంది. కొడుక్కి మాత్రం చాలా ఏళ్లకు గానీ తెలియదు. పాఠకుడి దగ్గర దాపరికం లేదు, పాత్ర దగ్గరే ఉంది. మన రాతప్రతిలో కూడా పేర్ల మార్పిడిని 231 నుంచి 40వ పేజీకి జరిపితే "అరువు పేర్లు" గుట్టు విప్పే పేరు కాదు, కథ మొదలయ్యే చోటవుతుంది. అప్పుడు నవల "సంచి ఏమైంది" అని అడగడం మానేసి "ఈ పేరుతో ఎలా బతకాలి" అని అడుగుతుంది. అది వేరే నవల. రాసినామె రాయాలనుకున్నది అదే అయితే, ఇక్కడే ఆగి ఈ పేరు పెట్టేసుకోవచ్చు. కేవలం పేరు నచ్చిందని పుస్తకాన్ని అంత తిరగదోడటం మాత్రం నేను చెప్పను.

"ఫ్రం అడ్రస్" సంగతి వేరు. రోజువారీ మాట, అందులోనే "ఎక్కడి నుంచి" అన్న ప్రశ్న ఉంది. వలస మనిషిని ఎవరైనా మొదట అడిగేది అదే కదా. "పంపినవారి చిరునామా" అని తెలుగు చేస్తే అది పోస్టాఫీసు ఫారంలా మారిపోతుంది, మనుషులు అలా అనరు. కాబట్టి ఇంగ్లీషు మాటే నయం. కానీ ఇక్కడ ఇంకో చిక్కుంది. రాతప్రతిలో తండ్రి 90వ పేజీలోనే దొరుకుతాడు. ఉత్తరాల పోగు అక్కడితో తెగిపోతుంది. పేరు పట్టుకున్న పోగు పుస్తకం మూడో వంతులో ముగిసిపోతే, మిగతా రెండు వంతులు పేరు లేని పుస్తకం అవుతుంది. ఈ తప్పు తొలి నవలల్లో ఎక్కువ. రచయిత మొదట రాసిన అధ్యాయాలే మనసులో నిలిచిపోయి, పేరు కూడా వాటిలోంచే పుట్టడం వల్ల ఇలా జరుగుతుంది. కనిపెట్టడం తేలికే. పేరులోని వస్తువు చివరిసారి ఏ పేజీలో వచ్చిందో రాతప్రతిలో వెతికించండి. ఆఖరి యాభై పేజీల్లో ఎక్కడా లేకపోతే పేరు మార్చండి, లేదా ఆ వస్తువును వెనక్కి రప్పించండి.

ఇప్పుడు "దిక్కు". ఇది ఇంగ్లీషులో పుట్టలేని పేరు. దిక్కు అంటే తూర్పు పడమరల్లో ఒకటి, దిక్కు అంటే ఆదుకునేవాళ్లు కూడా. ఎటు వెళ్లాలో తెలియనివాళ్లు, ఎవరూ లేనివాళ్లు ఇద్దరూ ఒకే మాటలో దొరుకుతారు. తమాషా ఏమిటంటే, కాందిశీకుడు అన్న మాట కూడా అక్కడి నుంచే వచ్చింది. "కాం దిశం" అంటే సంస్కృతంలో "ఏ దిక్కుకు?" అని. ఎటు పోవాలో తెలియక పరుగెత్తేవాడు కాందిశీకుడు. కాబట్టి "దిక్కు" అని పెడితే విషయం మూలంలోనే పేరు నాటినట్టు.

మరి ఎందుకు వెనకాడుతున్నాను? రెండు కారణాలు. ఒకటి చిన్నది: చాలామంది చెవిలో దిక్కు తర్వాత "మాలిన" అన్న మాట దానంతటదే వినిపిస్తుంది. పుస్తకం నచ్చనివాళ్లకు అది చేతికందిన రాయి. రెండోది పెద్దది: ఈ పేరు ఏ వలస నవలకైనా సరిపోతుంది. పక్క రచయిత రాసిన, ఓడలో వెళ్లిన యువకుడి కథకు అతికించినా ఎవరికీ తేడా తెలియదు. అంటే ఇది విషయానికి పేరు, పుస్తకానికి కాదు. మోహ్‌సిన్ హమీద్ నవల "ఎగ్జిట్ వెస్ట్" (2017) పేరులోనూ దిక్కు ఉంది. అయినా అది ఆ ఒక్క పుస్తకానిదే ఎలా అయిందంటే, ఎగ్జిట్ అన్న మాట వల్ల. ఆ నవలలో మనుషులు సముద్రాలూ ఎడారులూ దాటరు, తలుపుల గుండా ఒక దేశం నుంచి ఇంకో దేశంలోకి అడుగుపెడతారు. బయటికి పోయే దారి, దిక్కు, రెండూ కలిశాక పేరు గట్టిపడింది. మన నవలలో "దిక్కు" పక్కన నిలబడే అలాంటి గట్టి వస్తువు లేదు. బలవంతంగా తగిలిస్తే "దిక్కులేని సంచి" లాంటివి వస్తాయి, వద్దు.

పద్యం పాదమో పాట చరణమో అరువు తెచ్చుకోవడం ఇంకో దారి. స్టెయిన్‌బెక్ వలస నవల "ది గ్రేప్స్ ఆఫ్ రాత్" (1939) పేరు ఆయన భార్య కరోల్ సూచించింది, ఒక యుద్ధకాలపు పాటలోంచి. ఆ పాట మొత్తాన్ని పుస్తకంలో అచ్చువేయాలని ఆయన పట్టుబట్టాడు. పాఠకుడికి పాట వినబడకపోతే పేరు సగమే పలుకుతుందని ఆయనకు తెలుసు. మీ పాఠకుల చెవిలో ఇప్పటికే మోగుతున్న చరణం ఉంటే తీసుకోండి. మీకు మాత్రమే ఇష్టమైన చరణమైతే పుస్తకం లోపల, మొదటి పేజీలో పెట్టుకోవడం మేలు. ఈమధ్య కాలపు పాటైతే అనుమతి సంగతి కూడా చూసుకోవాలి.

మిగిలింది "ఏడో సంచి". కాగితం మీద ఇదే నెగ్గుతుంది. సంచి అనగానే ప్రయాణం అర్థమవుతుంది. ఏడో అనగానే మిగతా ఆరు ఏమయ్యాయి, ఈ ఒక్కదానికే పేరెందుకు అన్న ప్రశ్న పుడుతుంది. వస్తువు కనిపిస్తోంది, కారణం దాగి ఉంది. మొదటి పేజీల్లో లెక్క తప్పినప్పుడు ఒకసారి అర్థమవుతుంది, 231 దగ్గర ఇంకోసారి. ఇంకే నవలకూ పట్టదు.

ఇక పైకి చదివి చూడాలి. ఫోన్లో ఒకరికి చెప్పండి: "నా నవల పేరు ఏడో సంచి." అవతలి మనిషి "ఏదో సంచా?" అంటారు. డకూ దకూ మధ్య ఒక్క నాలుక మడత తేడా. గాలిలో అది నిలబడదు. చాలామంది పుస్తకాలను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి వెతుకుతారు. ఏడో అన్నా ఏదో అన్నా తెర మీద పడేది `edo sanchi` అనే. ఆ రెండో మాట ఒక్కటే టైపు చేస్తే బౌద్ధ స్తూపాల ఫొటోలు వచ్చిపడతాయి. పోనీ "ఏడవ సంచి" అందామంటే, ఏడవడం గుర్తొస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లెవరో "ఏడవని సంచి కూడా ఉందా?" అని అడిగే తీరతారు. విషాద కథకు ఆ జోకు ప్రాణాంతకం.

ఇక్కడ రచయితకు ఉన్న ఒక స్వేచ్ఛ గుర్తు చేసుకోవాలి. అంకె మన చేతిలోనిదే. అసలు ఏడు సంచులు ఎందుకు? ఒక ఆడమనిషి, పదేళ్ల పిల్లాడు, నాలుగేళ్ల పిల్ల రాత్రిపూట నడిచి వెళ్తూ ఏడు సంచులు ఎలా మోస్తారు? ఇంతవరకూ ఎవరూ అడగని ఈ ప్రశ్న పేరును పట్టి గుంజడం వల్ల బయటపడింది. మూడు సంచులు చేస్తే? తలకొకటి. మూడోది చిన్నది, పిల్లది. చిన్నపిల్ల సంచి ఎవరూ వెతకరు కాబట్టి తల్లి అసలు కాగితాలు అందులోనే దాచింది. దాటే ముందు అదే వదిలేసింది. ఇప్పుడు కూతురు ముప్పై ఆరేళ్లుగా నమ్ముతున్నది "ఒక సంచి పోయింది" అని కాదు, "నా సంచి నేనే పోగొట్టాను" అని. పేరు "మూడో సంచి" అయింది. వినడంలో తడబాటు లేదు, కథకు అదనంగా ఒక తప్పు చేసిన భావం కూడా దొరికింది. అన్ని పుస్తకాలకూ ఇలా కలిసిరాదు. అయినా పేరు తడబడినప్పుడు కొన్నిసార్లు తప్పు కథలో ఉంటుంది, అక్కడ కూడా చూడాలి.

ఇంకా మనసు తేలకపోతే మనుషుల మీద పరీక్షించండి, కానీ "ఏది నచ్చింది?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకు జనం మర్యాద కోసమో సాహిత్యాభిరుచి చూపించుకోవడానికో జవాబిస్తారు. కథ తెలియని ఎనిమిది మందిని తీసుకోండి. ఒక్కొక్కరికి ఒకే పేరు చెప్పి "ఇది దేని గురించి అనుకుంటున్నావు?" అని అడిగి, వాళ్లన్నది అన్నట్టే రాసుకోండి. "మూడో సంచి"కి ప్రయాణం, పోయిన సామాను, దొంగతనం అని రావచ్చు. మొదటి రెండూ వస్తే చాలు. ఎక్కువమంది డిటెక్టివ్ కథ అనుకుంటే మాత్రం పేరు మార్చనక్కర్లేదు, అట్ట బొమ్మ, వెనక అట్ట మీది నాలుగు వాక్యాలు ఆ అపార్థాన్ని సరిచేయగలవు. వలస అన్న మాట అక్కడ ఎలాగూ వస్తుంది, అందుకే పేరు దాన్ని మోయనక్కర్లేదు. మర్నాడు వాళ్లకే ఫోన్ చేసి "నిన్న చెప్పిన పేరేంటి?" అని అడగండి. తప్పుగా గుర్తున్నవాళ్లు చెప్పే రూపం విలువైనది. ఐదుగురు ఒకే తప్పు చెబితే, ఆ తప్పే మంచి పేరేమో ఒకసారి ఆలోచించండి.

అదే పేరుతో వేరే పుస్తకం ఉందేమో లైబ్రరీ కేటలాగుల్లో, అమ్మకాల సైట్లలో తెలుగు అక్షరాల్లోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ వెతకండి. పుస్తకాల పేర్లకు సాధారణంగా కాపీరైట్ వర్తించదు, కాబట్టి ఉన్నంత మాత్రాన భయం లేదు. పాత పుస్తకం కూడా వలస గురించే అయి, ఇంకా అమ్ముడవుతుంటే మాత్రం ఆ పేరు వదిలేయండి, వెతికినవాళ్లు దాని దగ్గరికే పోతారు. ఇదంతా ఐఎస్‌బీఎన్ తీసుకునే ముందే తేలాలి. ఆ తర్వాత పేరు మారిస్తే కొత్త నంబరు తీసుకోవాలి.

నేనైతే "మూడో సంచి" పెడతాను, రెండో భాగానికి "దిక్కు" అని పేరిస్తాను. పాఠకుడు సంచితో లోపలికొచ్చాక ఆ మాట బరువు తెలుస్తుంది, "మాలిన" వినబడదు. పేరు ఖాయమయ్యాక ఒక పని మిగిలి ఉంటుంది. రాతప్రతిలో "మూడో సంచి" అని వెతికించి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ముప్పై చోట్ల ఉంటే పాఠకుడు ప్రతిసారీ అట్ట వైపు చూసి నిట్టూరుస్తాడు. 18వ పేజీలో ఒకటి, 231లో ఒకటి ఉంచి, మిగతా చోట్లన్నీ "చిన్న సంచి", "నా సంచి", "అది" అని మార్చేయండి.